డ్రోన్ క్లిప్ పరుగు, కెమెరా క్లిప్ నత్తి

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను కూకట్‌పల్లిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. నా కంప్యూటర్‌లో రైజెన్ 5 5600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 6 జీబీ జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. పని అంతా ప్రీమియర్ ప్రోలోనే. సోనీ ఏ7 ఫోర్ కెమెరాతో 4కే 50 ఫ్రేములు, 10 బిట్ 4:2:2లో తీయడం మొదలుపెట్టినప్పటి నుంచి టైమ్‌లైన్ తడబడుతోంది. విచిత్రం ఏమిటంటే, డ్రోన్ తీసిన 4కే క్లిప్పులు బాగానే ఆడుతున్నాయి. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక షాపువాళ్లు 12 జీబీ ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ కార్డును తగ్గింపు ధరకు ఇస్తామంటున్నారు. స్నేహితుడు 64 జీబీ ర్యామ్ వేయమంటాడు. మా బావమరిది ప్రాసెసరే మార్చమంటాడు. నా దగ్గర లక్షా ముప్పై వేలు ఉన్నాయి. ముందు దేని మీద పెట్టాలి?
— పేరు వద్దు, కూకట్‌పల్లి

సమాధానం:

షాపు కార్డుకు బయానా ఇచ్చి ఉండకపోతే ఇవ్వకండి. ఎందుకో చెబుతాను.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన వాక్యం డ్రోన్ గురించి రాసినది. ఆ క్లిప్పూ 4కే, కెమెరా క్లిప్పూ 4కే. రెండింటిలోనూ ఒక్కో ఫ్రేముకు 3840 అడ్డం, 2160 నిలువు, అంటే దాదాపు 83 లక్షల చుక్కలు. గ్రాఫిక్స్ కార్డుకు సత్తువ లేకనో, ర్యామ్ చాలకనో తడబాటు వస్తుంటే ఆ రెండూ తడబడాలి. ఒకటి పరుగెడుతూ మరొకటి నత్తి కొడుతోందంటే, ముందు అనుమానించవలసింది ఫైలు లోపలి కట్టుబడిని.

డ్రోన్ 25 ఫ్రేములకే తీసి ఉండవచ్చు కదా, అందుకే తేలికగా ఆడుతోందేమో అని మీరు అడగవచ్చు. న్యాయమైన సందేహమే. తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. కెమెరా మెనూలో XAVC HS 4K, 50p అలాగే ఉంచి, రికార్డింగ్ సెట్టింగు మాత్రం 4:2:0 10bit అని ఉన్నదానికి మార్చండి. బాల్కనీలోంచి వీధిని ఒక నిమిషం తీయండి. తర్వాత 4:2:2కు మార్చి అదే వీధిని ఇంకో నిమిషం తీయండి. రెండింటినీ ఏ ఎఫెక్టూ వేయకుండా టైమ్‌లైన్ మీద పక్కపక్కన పెట్టి ఆడించండి. ఫ్రేముల సంఖ్య, కెమెరా, కార్డు అన్నీ ఒకటే కాబట్టి మొదటిది నున్నగా ఆడి రెండోది తడబడితే ఇక సందేహానికి చోటు లేదు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతోందో చూద్దాం. ఇది అర్థమైతే షాపువాళ్ల మాటలూ, బావమరిది మాటలూ మీరే తూకం వేయగలరు.

మీరు ఎప్పుడైనా ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజు చదివారా? మొదటి పేజీలో అమ్మేవారి పేరు, ఊరు, వయసు అన్నీ పూర్తిగా రాస్తారు. తర్వాత అన్నిచోట్లా 'సదరు వ్యక్తి', 'సదరు ఆస్తి' అంటారు. నాలుగో పేజీలో ఆ 'సదరు' ఎవరో తెలియాలంటే వెనక్కి తిరగాలి. 'దిగువ షెడ్యూలులో వివరించిన' అన్నచోట ముందుకు వెళ్లాలి. కాగితం ఆదా అవుతుంది కానీ, మధ్యలో ఒక్క పేజీ చేతికిస్తే ఎవరికీ అర్థం కాదు. మీ కెమెరా వాడే హెచ్.265 పద్ధతి సరిగ్గా ఇదే. అప్పుడప్పుడూ ఒక ఫ్రేమును పూర్తిగా రాస్తుంది. తర్వాతి ఫ్రేములకు 'సదరు పెళ్లికూతురు, చెయ్యి మాత్రం కొంచెం పైకి కదిలింది' అన్నట్టు తేడా మాత్రమే రాస్తుంది. కొన్ని ఫ్రేములు వెనకదాన్నీ, ముందుదాన్నీ కూడా చూడమంటాయి. టైమ్‌లైన్ మీద మీరు మధ్యలో ఎక్కడో నొక్కితే, కంప్యూటర్ వెనక్కి వెళ్లి పూర్తి ఫ్రేమును వెతికి పట్టుకుని, అక్కడి నుంచి వరుసగా లెక్క కట్టుకుంటూ వచ్చి మీకు బొమ్మ చూపిస్తుంది. ఆడిస్తున్నప్పుడైతే సెకనుకు 50 ఫ్రేములను ఇలా లెక్క కట్టాలి.

ఈ విప్పే పని కోసమే గ్రాఫిక్స్ కార్డులో ఒక ప్రత్యేకమైన చిన్న విభాగం ఉంటుంది. ఆటల్లో బొమ్మలు గీసే భాగానికీ దీనికీ సంబంధం లేదు. ఇది గుమాస్తా లాంటిది. తనకు నేర్పిన లిపిని కళ్లు మూసుకుని చదివేస్తుంది, నేర్పనిదాన్ని ముట్టుకోదు. మీ 1660 సూపర్‌లోని గుమాస్తాకు 4:2:0 హెచ్.265 వచ్చు, 10 బిట్ అయినా వచ్చు. 4:2:2 రాదు. ఆ కాగితం వచ్చిన వెంటనే పక్కకు నెట్టేస్తుంది. అప్పుడు భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. మీ 5600లో సొంత గ్రాఫిక్స్ విభాగమే లేదు కాబట్టి అక్కడా సాయం చేసేవారు లేరు. ఆరు కోర్లు చేత్తో లెక్కలు కడుతున్నాయి.

ఆ అంకెల అర్థం కూడా ఒక మాటలో చెబుతాను. వెలుతురు వివరం ప్రతి చుక్కకూ విడిగానే దాస్తారు, పొదుపంతా రంగులోనే. 4:2:0లో పక్కపక్కన రెండు, వాటి కింద రెండు, మొత్తం నాలుగు చుక్కలు ఒకే రంగు వివరాన్ని పంచుకుంటాయి. 4:2:2లో రెండు చుక్కలకు ఒకటి. రంగు సమాచారం రెట్టింపు. కంచిపట్టు చీర ఎర్ర అంచు మీద జరీ గీతలో, ఆకుపచ్చ తెర ముందు తీసిన షాట్‌లో జుట్టు అంచుల దగ్గర ఆ తేడా పనికొస్తుంది. హాల్లో తలంబ్రాలు పోసుకుంటున్న సీనును ఫోనులో చూసే చుట్టాలకు మాత్రం కనిపించదు.

ఇది నిజంగా మీ కంప్యూటర్‌లోనే జరుగుతోందా అన్నది కంటితో చూడవచ్చు. విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి Performance పేజీలో GPU మీద నొక్కండి. అక్కడి చిన్న గ్రాఫుల్లో ఒకదాని పేరు Video Decode. ప్రీమియర్‌లో డ్రోన్ క్లిప్ ఆడిస్తే ఆ గీత లేస్తుంది, CPU గీత ప్రశాంతంగా ఉంటుంది. కెమెరా 4:2:2 క్లిప్ ఆడిస్తే Video Decode నేలకు అతుక్కుని, CPU నూటికి దగ్గరగా వెళుతుంది. ఈ రెండు గీతలు చూశాక ఎవరి సలహా అయినా వినండి, తొందర లేదు. డ్రోన్ క్లిప్‌కు కూడా Video Decode లేవకపోతే, ప్రీమియర్ Preferences లోని Media విభాగంలో హార్డ్‌వేర్ డీకోడింగ్ టిక్కు పోయి ఉంటుంది. ముందు అది పెట్టండి.

ఫైలు సంగతి తెలుసుకోవడానికి MediaInfo అనే ఉచిత ప్రోగ్రాం చాలు. మీ కెమెరా క్లిప్‌ను అందులో తెరిస్తే వీడియో భాగంలో ఈ మూడు వరుసలు వెతకండి:

```
Format              : HEVC
Chroma subsampling  : 4:2:2
Bit depth           : 10 bits
```

HEVC అన్నది హెచ్.265కే మరో పేరు. మొదటి వరుసలో దాని బదులు AVC అని ఉంటే మీరు XAVC HS కాక XAVC S సెట్టింగులో తీశారన్నమాట. అది హెచ్.264. దాని సంగతి ఇంకొంచెం చిక్కు, కింద చెబుతాను.

ఇంకో మాట. ప్లేబ్యాక్ రిజల్యూషన్‌ను సగానికో, పావుకో తగ్గించి చూసే ఉంటారు. పెద్దగా లాభం లేకపోయి ఉంటుంది. ఇలాంటి 'సదరు' ఫైళ్లలో చిన్న బొమ్మ చూపాలన్నా ముందు పూర్తి ఫ్రేమును విప్పక తప్పదు. విప్పాక ఎఫెక్టులు వేసే పని మాత్రమే తగ్గుతుంది. పావు రిజల్యూషన్‌లోనూ నత్తి పోలేదంటే అదే మరో సాక్ష్యం.

ఇక షాపువాళ్ల 4070 సూపర్. మంచి కార్డే. ఆటలకు, త్రీడీ పనికి, మీ కార్డుతో పోలికే లేదు. కానీ ఎన్‌విడియా 40 సిరీస్‌లోని గుమాస్తాకు కూడా 4:2:2 రాదు. అంత డబ్బు పోసి తెచ్చి బిగించాక మీ కెమెరా క్లిప్ ఈరోజు ఎలా నత్తి కొడుతోందో రేపూ అలాగే కొడుతుంది. రంగులు దిద్దిన చోట కొంత తేలిక కనిపిస్తుంది, అంతే. 4:2:2 హెచ్.264నూ, హెచ్.265నూ కార్డులోనే విప్పడం ఎన్‌విడియా నేర్పింది 2025లో వచ్చిన 50 సిరీస్‌కే. అందులో దిగువ మెట్టున ఉన్న ఆర్‌టీఎక్స్ 5060, మీ ఒక్క పనిలో, తనకన్నా ఎంతో ఖరీదైన 4070 సూపర్‌ను దాటేస్తుంది. పాత సిరీస్ పెద్ద కార్డు మీద తగ్గింపు వస్తే నాకూ చెయ్యి దురద పెడుతుంది. మన పనికి మాత్రం పెట్టె మీద రాసిన జీబీలకన్నా సిరీస్ అంకె ముఖ్యం.

కాబట్టి వరుస ఇది: మొదట గ్రాఫిక్స్ కార్డు, పెద్దది కాదు, కొత్త తరానిది. తర్వాత ర్యామ్ 32 జీబీ. ప్రాసెసర్ ఇప్పుడు వద్దు. మీ లక్షా ముప్పై వేలలో సగానికి అటూఇటూ మిగలాలి.

కార్డులో 8 జీబీ 5060 తీసుకోవాలా, 16 జీబీ 5060 టీఐ తీసుకోవాలా అన్నది మీరు ఎఫెక్టులు ఎంత దట్టంగా వేస్తారన్న దాని మీద ఉంటుంది. విప్పిన ఫ్రేము మీద రంగులు దిద్దడం, లట్ వేయడం, మసక చేయడం, పెద్దదిగా సాగదీయడం, ఇవన్నీ కార్డులోని అసలు గణన భాగం చేస్తుంది. దానికి ఫ్రేములు కార్డు సొంత మెమరీలో ఉండాలి. లెక్క వేసి చూడండి. ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత అని నాలుగు విలువలు. కచ్చితత్వం పోకుండా ఒక్కోదానికి 4 బైట్లు. 83 లక్షలను 16తో హెచ్చిస్తే ఒక్క 4కే ఫ్రేము దాదాపు 133 ఎంబీ. మామూలు దిద్దుబాటులో ఒకేసారి కొన్ని ఫ్రేములే నిలిచి ఉంటాయి కాబట్టి 8 జీబీ హాయిగా సరిపోతుంది. రాత్రి బరాత్ షాట్లలో గరగర పోగొట్టే నాయిస్ రిడక్షన్ మాత్రం అటు నాలుగైదు, ఇటు నాలుగైదు ఫ్రేములను పక్కపక్కన పెట్టుకుని పోల్చుతుంది. దాని మీద రెండు మూడు పొరలు పడితే 8 జీబీ గొంతు దాకా వస్తుంది. మెమరీ నిండిన కార్డు మెల్లగా నడవడం కాదు, ఉన్నట్టుండి కూలబడుతుంది. ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోవడం దాని పద్ధతి. మీరు నాయిస్ రిడక్షన్ తరచూ వాడుతుంటే 16 జీబీది, లేకపోతే 8 జీబీది. 5070కి వెళ్లినా విప్పే గుమాస్తా ఒక్కడే. ఎక్కువ డబ్బుకు వచ్చేది గణన బలమే.

మీ తడబాటులో ఎఫెక్టుల వాటా ఎంతో కూడా తేల్చుకోండి. ప్రోగ్రాం మానిటర్ కింద బటన్లు చేర్చుకునే చోట Global FX Mute అని ఒకటి దొరుకుతుంది. దాన్ని నొక్కితే టైమ్‌లైన్ మీది ఎఫెక్టులన్నీ తాత్కాలికంగా నిద్రపోతాయి. అప్పటికీ నత్తి ఉంటే దోషం విప్పడంలో ఉంది. పోతే కార్డు గణన భాగం చాలడం లేదు. మీ విషయంలో అప్పటికీ నత్తి ఉంటుందనే నా అంచనా, అయినా చూశాకే డబ్బు తీయండి.

ర్యామ్ విషయంలో మీ స్నేహితుడు సగం సరిగ్గా చెప్పారు. 4కే పనికి 16 జీబీ ఇరుకు. కానీ ర్యామ్ ఇరుకు కనిపించే తీరు వేరు. క్లిప్ ఆడుతూ ఆడుతూ తడబడదు. ప్రీమియర్‌తోపాటు ఫోటోషాప్, బ్రౌజర్ తెరిచి ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లినప్పుడు అంతా స్తంభించి, రెండు మూడు సెకన్లకు తేరుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో Memory తొంభై శాతం దాటి, అదే సమయంలో Disk గీత ఎగిరిపడుతుంటే, ర్యామ్ చాలక విండోస్ డిస్కును అరువు తెచ్చుకుంటోందని అర్థం. 32 జీబీతో మీ పనికి ఆ బాధ పోతుంది. 64 అవసరమయ్యేది ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో గంటల తరబడి కూర్చునేవారికి. అందులో ప్రివ్యూ ఫ్రేములు ర్యామ్‌లోనే పేరుకుంటాయి కాబట్టి ఎంత ఇచ్చినా తినేస్తుంది. పైగా 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. 32 దాటి, అవసరం లేని మరో 32 జీబీకి ఇప్పుడు డబ్బు పోయకండి.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. రెండు ముక్కలుగా వేయాలి. మీ బోర్డులో ఇప్పుడు 8 జీబీ ముక్కలు రెండు ఉంటే, అదే వేగం ఉన్న ఇంకో రెండు 8 జీబీ ముక్కలు చేర్చవచ్చు. ఒకే 16 జీబీ ముక్క ఉంటే దానికి జత తేవాలి. మీ ప్రాసెసర్ ర్యామ్‌తో రెండు దారుల్లో మాట్లాడుతుంది. ఒక్క ముక్కే ఉంటే ఒక దారి మూసేసినట్టే. ఇది నేను సొంత ఖర్చుతో నేర్చుకున్న పాఠం. కొన్నేళ్ల కిందట ఒక షాపులో 32 జీబీ అడిగి, బిల్లు మీద 32 అనే చూసి ఇంటికి తెచ్చుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత దుమ్ము దులపడానికి మూత తీస్తే లోపల ఒకటే ముక్క. అన్నాళ్లూ సగం దారిలోనే బండి నడిపాను. మూత తీయకుండానే చూడవచ్చని అప్పటికి నాకు తెలియదు. టాస్క్ మేనేజర్ Memory పేజీలో Slots used అన్న చోట ఎన్ని ముక్కలో రాసి ఉంటుంది.

బావమరిది గారి మాటకు వద్దాం. ప్రాసెసర్ మారిస్తే తడబాటు తగ్గదని నేను అనను. పదహారు కోర్లు చేత్తో లెక్క కడితే ఆరు కోర్లకన్నా వేగంగానే కడతాయి. కానీ గుమాస్తా చేయాల్సిన పనికి మరో పదిమంది కూలీలను పెట్టినట్టు. కరెంటు, వేడి, ఖర్చు అన్నీ పెరుగుతాయి, రెండో కెమెరా క్లిప్ పక్కన పెట్టగానే మళ్లీ మొదటికి వస్తుంది. ఊగే షాట్లను నిలబెట్టే వార్ప్ స్టెబిలైజర్ విశ్లేషణ వంటివి ప్రాసెసర్ మీదే నడుస్తాయి. అవి మిమ్మల్ని విసిగిస్తుంటే తర్వాత ఎప్పుడైనా, బోర్డు మార్చకుండానే, బయాస్ అప్‌డేట్ చేసుకుని ఎనిమిది కోర్ల రైజెన్ 7 5700ఎక్స్ వేసుకోవచ్చు. ఆ దారి మూసుకుపోలేదు.

ఇదే పనికి కొత్త కంప్యూటర్ కట్టించుకోవాలనుకునేవారు కూడా ఈ జవాబు చదువుతుంటారు కాబట్టి వాళ్ల కోసం ఒక పక్కమాట. ఇంటెల్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి ఉన్న సొంత గ్రాఫిక్స్ విభాగానికి 10 బిట్ 4:2:2 హెచ్.265 విప్పడం వచ్చు. దాని పేరు క్విక్ సింక్. ఎన్‌విడియా 50 సిరీస్ రాకముందు ఎడిటర్లంతా ఇంటెల్ వైపు మొగ్గింది అందుకే. రైజెన్‌లో సొంత గ్రాఫిక్స్ ఉన్నవాటికి కూడా ఆ 4:2:2 రాదు. అయితే షాపులో వెయ్యో రెండు వేలో తగ్గించి చేతిలో పెట్టే ఇంటెల్ ప్రాసెసర్ల అంకె చివర F అక్షరం ఉందేమో చూడండి. 12400F, 14400F వంటివి. ఆ అక్షరం ఉంటే గ్రాఫిక్స్ విభాగం లేదు, క్విక్ సింక్ లేదు. మీకు కావలసిన ముక్కనే కోసేసి తగ్గింపు అంటున్నారు. 12, 13, 14 తరాల్లో ఇంకో సూక్ష్మం ఉంది. 12400, 13400, 14400లలో ఉన్న యూహెచ్‌డీ 730లో విప్పే యంత్రం ఒకటే. 12500, 13500, 14500లలో ఉన్న యూహెచ్‌డీ 770లో రెండు. రెండు మూడు కెమెరాల మల్టీక్యామ్ చేసేవారికి ఆ చిన్న మెట్టు పనికొస్తుంది. XAVC S వాళ్లకు మాత్రం హెచ్చరిక. ఈ మూడు తరాల క్విక్ సింక్‌కు 10 బిట్ 4:2:2 హెచ్.264 రాదు. వాళ్లు 50 సిరీస్ కార్డైనా కొనాలి, కెమెరాను XAVC HSకైనా మార్చాలి.

ఇంకా, విడిగా గ్రాఫిక్స్ కార్డు బిగించగానే కొన్ని బోర్డులు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌ను నిద్రపుచ్చుతాయి. టాస్క్ మేనేజర్‌లో GPU 0, GPU 1 అని రెండూ కనిపించాలి. ఒకటే కనిపిస్తే బయాస్‌లో సొంత గ్రాఫిక్స్‌ను ఆన్ చేయించుకుని కానీ షాపు నుంచి కదలకండి.

మళ్లీ మీ సంగతికి. కార్డు కొనేదాకా, లేదా అసలు కొనకుండానే గడిచే దారి ఒకటుంది. పైన చెప్పిన బాల్కనీ పరీక్షలో 4:2:0 10bit నున్నగా ఆడితే, వచ్చే పెళ్లి నుంచి కెమెరాను ఆ సెట్టింగులోనే ఉంచండి. 10 బిట్ అలాగే ఉంటుంది కాబట్టి ఎస్-లాగ్‌లో తీసినా ఆకాశం చారలు చారలుగా విడిపోదు. రంగులు దిద్దడానికి పెళ్లి వీడియోలో కావలసింది చాలావరకు ఆ 10 బిట్టే. ఆకుపచ్చ తెర పని ఉన్న రోజు మాత్రం 4:2:2 పెట్టుకోండి. నేనైతే మొదట ఇదే చేసి, ఒక సీజన్ గడిచాక కార్డు గురించి ఆలోచిస్తాను.

ఇప్పటికే తీసి డిస్కులో ఉన్న 4:2:2 క్లిప్పులకు ప్రాక్సీలు చేసుకోండి. ప్రాజెక్టు ప్యానెల్‌లో క్లిప్పులన్నీ ఎంచుకుని, కుడి బటన్ నొక్కి, Proxy కింద Create Proxies అంటే, ప్రతి క్లిప్‌కూ ఒక తేలికపాటి నకలు తయారవుతుంది. అందులో ProRes రకం, 1920 × 1080 ఎంచుకోండి. ప్రోరెస్‌లో 'సదరు'లు ఉండవు, ప్రతి ఫ్రేమూ పూర్తిగా రాసి ఉంటుంది. అందుకే మీ ఆరు కోర్లే దాన్ని ఆడుతూ పాడుతూ విప్పేస్తాయి. చోటు లెక్క చెబుతాను. మీ కెమెరా సెకనుకు 200 మెగాబిట్ల సెట్టింగులో ఉంటే, అంటే 25 మెగాబైట్లు, గంటకు 90 జీబీ. ఒక పెళ్లికి నాలుగు గంటల ఫుటేజీ అనుకుంటే 360 జీబీ. హెచ్‌డీ 50 ఫ్రేముల ప్రోరెస్ ప్రాక్సీ సెకనుకు దాదాపు 76 మెగాబిట్లు, గంటకు 34 జీబీ. నాలుగు గంటలకు ఇంకో 136 జీబీ సిద్ధంగా ఉంచుకోవాలి. తయారవడానికి మీ ప్రాసెసర్ ఆ ఫుటేజీ మొత్తాన్ని ఒకసారి చేత్తో విప్పాలి కదా, గంటలు పడుతుంది. రాత్రి భోజనానికి ముందు పెట్టి పడుకోండి. ఎడిటింగ్ అంతా ప్రాక్సీ మీద చేసి, రంగులు దిద్దేటప్పుడు Toggle Proxies నొక్కి అసలు క్లిప్‌కు రండి. ఎక్స్‌పోర్ట్ మామూలుగా అసలు క్లిప్పుల నుంచే జరుగుతుంది.

పై లెక్కలో ఇంకో సంగతి బయటపడుతోంది. మూడు కెమెరాలు ఒకేసారి ఆడినా డిస్కు ఇవ్వాల్సింది సెకనుకు 75 మెగాబైట్లే. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీకి అది లెక్కలోకి రాదు. కాబట్టి ఎవరైనా అతి వేగం ఎన్‌వీఎంఈ డిస్కు వేస్తే నత్తి పోతుందంటే నవ్వి ఊరుకోండి.

తడబాటు మొదటి పది నిమిషాలు లేకుండా తర్వాత మొదలవుతుంటే అది వేరే జబ్బు. వేడి. మే నెలలో మన ఊళ్లో ఏసీ లేని గదిలో మూడేళ్ల దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో ప్రాసెసర్ నూటికి నూరు శాతం పనిచేస్తే, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. టాస్క్ మేనేజర్ CPU పేజీలో Speed అంకె మొదట ఎంత, అరగంట తర్వాత ఎంత అని రాసుకుని చూడండి. బాగా పడిపోతుంటే దుమ్ము దులిపించి, ప్రాసెసర్ మీద పేస్టు మార్పించండి.

చివరగా కొనడానికి వెళ్లే ముందు చూసుకోవలసినవి. మీ బోర్డు పేరు రాయలేదు. బీ550 అయితే ఆలోచించక్కర్లేదు. బీ450 అయితే కార్డుకూ బోర్డుకూ మధ్య దారి పాత తరానిది కాబట్టి కొంచెం వేగం పోతుంది, క్లిప్ విప్పే పనికి అది అడ్డు కాదు. పవర్ సప్లై మీద వాట్లు చూడండి. 5060కి 550, 5060 టీఐకి 600 వాట్లు ఉండాలని తయారీదారు సూచన. కార్డు పొడవు మీ క్యాబినెట్‌లో పడుతుందో లేదో టేపు పెట్టి కొలవండి, ఇది మర్చిపోయి రెండోసారి సికింద్రాబాద్ వెళ్లినవాళ్లు నాకు చాలామంది తెలుసు. పెన్ డ్రైవ్‌లో మీ 4:2:2 క్లిప్ ఒకటి పట్టుకెళ్లండి. షాపులో 50 సిరీస్ కార్డు ఉన్న డెమో కంప్యూటర్ ఉంటే, అందులో ప్రీమియర్ 25.2 గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ ఉంటే, క్లిప్ ఆడించి Video Decode గీత లేస్తుందో లేదో అక్కడే చూడండి. పాత వెర్షన్లకు కొత్త కార్డులోని ఆ గుమాస్తాతో మాట్లాడటం రాదు, మీ ఇంట్లో ఉన్నదీ అప్‌డేట్ చేసుకోవాలి. బిల్లు మీద కార్డు సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీకి వెళ్లినప్పుడు మొదట అడిగేది దాన్నే.